వియ్యంకుల ఇంట్లో "సాలు" ఎప్పుడనాలి?

నల్లగొండ

ప్రియమైన మిత్రమా,

వచ్చే ఆదివారం దేవరకొండలో కొత్త వియ్యంకుల ఇంటికి భోజనానికి వెళ్తున్నావనీ, వాళ్ళు బలవంతంగా వడ్డిస్తే ఏమనాలో తోచడం లేదనీ రాశావు. ఒకసారి చాలనగానే గంటె ఆగిపోవడం మీ పట్నంలో మామూలే కావచ్చు గానీ, మా వైపు మొదటి "సాలు"ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కంచంలో బగార అన్నం, యాటకూర సగం అయ్యేసరికి వియ్యపురాలు వచ్చి, "ఇంకింత పెట్టుకోండ్రి అన్నా, సిగ్గువడకుండ్రి" అంటుంది. అప్పుడు "వద్దు" అనకు. ఆ మాట వింటే కూర నచ్చలేదేమో, పెళ్లినాటి మర్యాదల్లో ఏదో లోటు మనసులో పెట్టుకున్నారేమో అని ఆ ఇంటివాళ్ళు రాత్రిదాకా మథనపడతారు. "సాలు చెల్లె, ఇప్పటికే మస్తు పెట్టినవు" అను. "ఏం తిన్నరని? పిట్ట తిన్నట్టు తిన్నరు" అని ఆమె మళ్ళీ వస్తుంది. ఈ రెండోసారి "సరే, గింతనే" అని పెట్టించుకోవాలి. నువ్వు వేళ్ళతో చూపిన దానికి రెండింతలు పడుతుంది కనుక, మొదటి వడ్డనలోనే కాస్త తక్కువ పెట్టించుకోవడం తెలివైన పని.

మూడోసారి వస్తే కంచం మీద అరచెయ్యి పూర్తిగా అడ్డం పెట్టి, "కడుపు నిండింది చెల్లె, కూర మంచిగున్నదనే ఇంతదాంక తిన్న" అని చెప్పి, వెంటనే "ఇగ పెరుగెయ్యి" అని అడుగు. పెరుగు కలిపిన కంచంలో మళ్ళీ కూర వెయ్యరు కాబట్టి, ఏ మాటా చెయ్యలేని పనిని పెరుగు చేస్తుంది. చెయ్యి సగమే అడ్డం పెట్టి నవ్వావో, దాన్ని ఒప్పుకోలు కిందనే జమకడతారు. మా మేనమామలు అలాగే తింటారులే!

అయితే అడిగిన ప్రతిసారీ అది నిజంగా వడ్డించడానికే కాదు. ఖాళీ చేతులతో గడప దగ్గర నిలబడి "మంచిగ తినుండ్రి" అంటే అది మర్యాద మాట, దానికి "తింటున్నం చెల్లె, మీరు గూడ కూసోండ్రి" అంటే సరిపోతుంది. నిండు గంటె కంచం మీదికి వచ్చిందంటే మాత్రం వడ్డించే తీరుతుంది. గిన్నె అడుగు గీరిన చప్పుడు వినిపిస్తే, నీకు ఆకలి ఉన్నా అక్కడితో ఆపు. లోపల ఆడవాళ్ళు ఇంకా తినలేదు.

నీకు షుగర్ ఉన్న సంగతి మాత్రం కూర్చునే ముందే చెప్పు. మిఠాయి కంచంలో పడ్డాక డాక్టర్ వద్దన్నాడని చెబితే, దాన్ని తప్పించుకునే సాకు అనుకుని "ఒక్కదానికి ఏం కాదు" అంటూ వెంటపడతారు. బయలుదేరేటప్పుడు సకినాల డబ్బా చేతిలో పెడితే "ఇవన్ని ఎందుకు చెల్లె" అని ఒక్కసారే అని తీసుకో. రెండోసారి కాదంటే ఇంకో డబ్బా తెస్తారు.

ఇట్లు,
నీ మిత్రుడు