నువ్వు పంపిన ఫోటో గురించి

చిన్నీ,

మీ ఫార్మసీ సైట్‌లో పెట్టే బీపీ మిషన్ పేజీ నిన్న రాత్రి చదివాను. ముప్పై ఏళ్లు వార్డులో నర్సుగా బీపీలు చూసినదాన్ని కాబట్టి ముందు నా కన్ను ఆ ఫోటో మీదే పడింది. మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద మిషను, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని ఒకావిడ, చేయి కిందికి వాలి ఉంది, తెర మీద 120/80. చూడ్డానికి బాగుంది కానీ అలా కూర్చుంటే అసలు బీపీ తెలియదమ్మా.

పోయిన నెల మీ నాన్నకి ఇదే జరిగింది. మన మంచం ఎత్తు కదా, ఆయన కాళ్లు నేలకి ఆనవు. పొద్దున్నే అలాగే కూర్చుని, వీపుకి ఆసరా లేకుండా, చేయి ఆ కురచ బల్ల మీదకి వాల్చి చూసుకుంటే 152/94 వచ్చింది. టెన్షన్ పడిపోయి ఇంకో బిళ్ల వేసుకుంటానన్నారు. ఆగండి అని ఆయన్ని కుర్చీలో వెనక్కి ఆనుకునేలా కూర్చోబెట్టి, కాళ్లు నేల మీద పెట్టించి, పక్క బల్ల మీద రెండు దిండ్లు వేసి చేయి ఆనించాను, కఫ్ ఉన్న చోటు గుండె ఎత్తుకి వచ్చేలా. ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉన్నాక చూస్తే 141/88, నిమిషం ఆగి మళ్లీ చూస్తే 137/86. సగటు 139/87. అదీ ఎక్కువే, ఇంట్లో చూసుకునే బీపీ సగటున 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. కానీ మొదట వచ్చిన అంకె చూసి ఎక్కువ బిళ్ల వేసుకుని ఉంటే కళ్లు తిరిగి పడేవారేమో.

అంత తేడా ఎందుకంటే, కఫ్ గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే చాలు, అంకె సుమారు 7, 8 పెరుగుతుంది. వీపుకి ఆసరా లేకపోవడం, కాళ్లు వేలాడడం, మాట్లాడడం దాని మీద ఇంకొంచెం కలుపుతాయి. మిషను తప్పు ఇందులో ఏమీ లేదు.

అందుకే నువ్వు రాసిన "100% కచ్చితం" తీసెయ్. పెట్టె మీద ±3 అని ఉంటుంది చూడు, అది మిషను లోపలి గాలి ఒత్తిడిని కొలవడంలో ఉండే తేడా మాత్రమే, మనిషి బీపీలో అంతకు మించి తేడా రాదని హామీ కాదు. ఆ మోడల్‌ని మనుషుల మీద పరీక్షించి సరిచూశారా అన్నది వేరే సంగతి. చూశారని కంపెనీ వాళ్లు కాగితం చూపిస్తే రాయి, లేకపోతే ఆ మాటే ఎత్తకు. "బీపీని అదుపులో ఉంచుతుంది" అన్న వాక్యం కూడా వద్దమ్మా, మిషను కొలుస్తుంది అంతే, అదుపు చేసేది మందు, ఉప్పు తగ్గించడం, నడక.

దానికి బదులు కఫ్ కొలత పెద్ద అక్షరాల్లో పెట్టు. చాలా మిషన్లతో వచ్చే కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. భుజానికీ మోచేతికీ మధ్య టేపుతో చుట్టూ కొలుచుకుని, 35 వస్తే పెద్ద కఫ్ కొనాల్సిందే, లేకపోతే బిగుతుగా చుట్టి ప్రతిసారీ ఎక్కువ చూపిస్తుంది. మీ పెద్దమ్మకి రెండేళ్లు అలాగే చూసుకున్నారు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది నాకు. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి ఈ మిషన్ల అంకెని నమ్మడం కష్టం, వాళ్లు డాక్టరుని అడిగి కొనాలని ఒక్క వాక్యం రాయి.

వాడే పద్ధతి కూడా కొంచెం చెప్పు. టీ, కాఫీ తాగిన అరగంటలోపు చూడకూడదు, ఒంటేలుకి వెళ్లొచ్చి కూర్చోవాలి, మందంగా ఉన్న చొక్కా చేయి మీద కఫ్ చుట్టకూడదు. పొద్దున బిళ్ల వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు పుస్తకంలో రాసుకుని, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు డాక్టరుకి చూపించాలి. నాన్న అలాగే రాసి తీసుకెళ్లారు, అంకెలు వరసగా కనబడితేనే డాక్టరు గారు మందు గురించి ఆలోచించగలిగారు. 180/120 దాటి, గుండెలో నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే మాత్రం మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. "ఆసుపత్రికి వెళ్లే పని లేదు" అని పైన రాశావు చూడు, అది నాకు అన్నిటికంటే భయం వేసింది.

ఫోటో మళ్లీ తీయాలంటే పండక్కి వచ్చినప్పుడు ఇక్కడే తీసుకో. నాన్న కూర్చుంటానన్నారు, కుర్చీ మంచం పక్కకి జరుపుతాను, దిండ్లు ఉన్నాయి. తెర మీద ఆ రోజు ఎంత వస్తే అంతే ఉంచు.

అమ్మ