ఆయుధాల లైసెన్సుపై సంతకం ఎవరిది? విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. రెండు దేశాలు యుద్ధంలో ఉన్నప్పుడు ఏ పక్షాన్నీ చేరని మూడో దేశం, వాటిలో ఒకదానికి ఆయుధాలు ఇస్తే తటస్థ దేశంగా తన బాధ్యతను తప్పినట్టా, కాదా? ఉక్రెయిన్ యుద్ధంతో ఈ ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. చర్చల్లో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఆయుధం ఇచ్చినవాడు యుద్ధంలోకి దిగినట్టేనని కొందరు, అమ్మకం వ్యాపారమే కనుక దానికీ యుద్ధానికీ సంబంధం లేదని కొందరు అంటారు. చట్టం ఈ రెండింటినీ ఒప్పుకోదు. అది ఏమంటుందో ముందు విన్నవించుకుని, ఆ తర్వాత నా కోరిక చెబుతాను.

నేటికీ ఆధారంగా నిలిచిన పత్రాలు 1907 నాటి హేగ్ ఒప్పందాలు. నౌకాయుద్ధానికి సంబంధించిన పదమూడవ ఒప్పందంలోని 6వ అధికరణ ప్రకారం, తటస్థ ప్రభుత్వం యుద్ధం చేస్తున్న దేశానికి నేరుగా గానీ, పరోక్షంగా గానీ యుద్ధనౌకలు, మందుగుండు, మరే రకమైన యుద్ధ సామగ్రీ ఇవ్వకూడదు. భూయుద్ధంలోనూ ఇదే నియమం ఆచార న్యాయంగా వర్తిస్తుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అయితే అదే ఒప్పందంలోని 7వ అధికరణ, ప్రైవేటు వ్యాపారులు ఆయుధాలు ఎగుమతి చేస్తుంటే ఆపవలసిన బాధ్యత ప్రభుత్వానికి లేదంటుంది. భూయుద్ధానికి సంబంధించిన ఐదవ ఒప్పందం కూడా ఆ మాటే చెబుతూ, 9వ అధికరణలో ఒక షరతు పెట్టింది: ఎగుమతులపై ఆంక్షలు పెట్టదలిస్తే అవి ఇరుపక్షాలకూ సమానంగా ఉండాలి.

1907లో ఈ విభజనకు అర్థముంది. ఆనాడు ఫిరంగులు తయారుచేసే కంపెనీ ప్రభుత్వాన్ని అడగకుండానే సరుకు ఓడకెక్కించగలిగేది. ఇప్పుడు దాదాపు ప్రతి దేశంలోనూ ఆయుధ ఎగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాలి, సరుకును చివరికి ఎవరు వాడతారో చెప్పే అంతిమ వినియోగ ధ్రువపత్రాన్ని కొనుగోలుదారు ఇవ్వాలి, ఆ సరుకును మరొకరికి అమ్మాలంటే మొదట అమ్మిన దేశం మళ్లీ ఒప్పుకోవాలి. ప్రైవేటు వ్యాపారమన్న ముసుగు కింద ప్రతి పెట్టె మీదా ఒక అధికారి సంతకం ఉంటోంది. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

స్విట్జర్లాండ్ ఉదాహరణ దీన్ని దగ్గరగా చూపిస్తుంది. జర్మనీ తన గెపార్డ్ విమాన విధ్వంసక ట్యాంకులను ఉక్రెయిన్‌కు ఇవ్వదలచింది. వాటిలో వాడే 35 మిల్లీమీటర్ల గుండ్లు దశాబ్దాల కిందట స్విట్జర్లాండ్ నుంచి కొన్నవి. అనుమతి లేకుండా మరో దేశానికి ఇవ్వబోమన్న హామీతోనే జర్మనీ వాటిని కొన్నది. సుమారు 12,400 గుండ్లను పంపడానికి 2022లో జర్మనీ అనుమతి అడిగితే స్విస్ ప్రభుత్వం నిరాకరించింది. గెపార్డ్‌కున్న రెండు తుపాకులూ కలిసి నిమిషానికి 1,100 గుండ్లు కాలుస్తాయి కనుక, ఆగకుండా కాలిస్తే ఒక్క ట్యాంకు పదకొండు నిమిషాల్లో ఖాళీ చేసే సరుకు అది. అంత చిన్న మొత్తం కోసం ఇంత పట్టుదల ఎందుకని యూరప్‌లో చాలామంది విసుక్కున్నారు.

స్విస్ వాదన వినడానికి సూటిగానే ఉంటుంది: రష్యా ఇదే అడిగితే ఇవ్వం కనుక, ఉక్రెయిన్‌కు చేర్చడానికీ ఒప్పుకోలేం, సమానత్వ నియమం అదే. కాస్త లోతుకు వెళితే ఆ గుండ్లు స్విస్ ప్రభుత్వ గిడ్డంగిలో లేవు, వాటి యజమాని జర్మనీ. హేగ్ ఒప్పందాలు ఆ అనుమతిని తప్పనిసరి చేయలేదు. పునరెగుమతికి షరతు పెట్టింది స్విస్ దేశీయ చట్టం. కానీ ఒకసారి షరతు పెట్టాక, దాన్ని ఒక పక్షానికి సడలించి మరో పక్షానికి బిగిస్తే 9వ అధికరణ అడ్డు వస్తుంది. అంటే దేశీయ చట్టంలోని ఒక్క వాక్యమే వారిని అంతర్జాతీయ బాధ్యతలోకి లాగింది. అదే ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 28న రష్యాపై ఐరోపా సమాఖ్య ఆర్థిక ఆంక్షలను స్వీకరించింది. తటస్థతా చట్టం సైనిక సహాయానికి సంబంధించినది కనుక అందులో వైరుధ్యం లేదని వారి వైఖరి. ఈ విషయంలో వారి లెక్క సరైనదనే నేను భావిస్తున్నాను.

దీనికి ఎదురుగా మరో వాదం ఉంది. 1928 ఒప్పందం యుద్ధాన్ని జాతీయ విధానపు సాధనంగా నిషేధించాక, ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి చార్టర్ బలప్రయోగాన్నే నిషేధించాక, దురాక్రమణదారుకూ బాధితుడికీ మధ్య సమదూరం పాటించమనడం అర్థరహితమని ఆ వాదం. దీన్ని పరిమిత తటస్థత అంటారు. 1940 సెప్టెంబరులో, ఇంకా యుద్ధంలో లేని అమెరికా 50 పాత డిస్ట్రాయర్ నౌకలను బ్రిటన్‌కిచ్చి స్థావరాలు తీసుకోవడం ఇలాంటి ఆలోచనలకు దారి వేసింది. అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ ఇచ్చిన అభిప్రాయంలో ఆసక్తికరమైన విషయం ఒకటుంది. పాత నౌకలను ఇవ్వవచ్చన్న ఆయనే, నిర్మాణంలో ఉన్న చిన్న టార్పెడో పడవలను ఇవ్వడం మాత్రం చట్టం ఒప్పుకోదన్నారు. యుద్ధం చేస్తున్న దేశానికి చేర్చే ఉద్దేశంతో నౌకను కట్టి పంపడం నిషిద్ధమన్నది ఆ తేడాకు కారణం.

ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. దురాక్రమణదారు ఎవరో తేల్చేది ఎవరు? భద్రతా మండలి నిర్ణయం చేస్తే చార్టర్ బాధ్యతలు తటస్థత కన్నా పైన నిలుస్తాయి. కానీ ఉక్రెయిన్‌పై దాడిని తప్పుబట్టే మండలి తీర్మానంపై 2022 ఫిబ్రవరి 25న రష్యా వీటో వేసింది. మార్చి 2న సర్వసభ్య సభలో అలాంటి తీర్మానాన్ని 141 దేశాలు సమర్థించాయి, 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఆ దూరంగా ఉన్నవాటిలో మన దేశమూ ఉంది. సర్వసభ్య సభ తీర్మానానికి నైతిక బలం ఉన్నా, మండలి నిర్ణయానికుండే కట్టుబాటు లేదు. కాబట్టి బాధిత దేశానికి ఆయుధాలివ్వడం చట్టబద్ధమని నేడు చాలా ప్రభుత్వాలు భావిస్తున్నా, అది అందరూ ఒప్పుకున్న సూత్రం ఇంకా కాలేదు.

మరో గందరగోళాన్నీ విడదీయాలి. తటస్థత ఉల్లంఘించినంత మాత్రాన ఆ దేశం యుద్ధపక్షం అయిపోదు. నష్టపోయిన పక్షం నిరసన తెలపవచ్చు, పరిహారం అడగవచ్చు, దామాషాలో ప్రతిచర్యలు తీసుకోవచ్చు. కానీ బలప్రయోగంతో కూడిన ప్రతిచర్యకు అంతర్జాతీయ చట్టం చోటివ్వదు. ఆయుధాల సరఫరాను దాటి, కాల్చవలసిన లక్ష్యాలను ఎంచి ఇవ్వడం వంటి పనులకు దిగినప్పుడు మాత్రం ఈ గీత పలచబడుతుంది.

ఇక నా కోరిక. మన దేశం నుంచి లేదా మన దేశంలో తయారైన సామగ్రి, యుద్ధంలో ఉన్న ఒక పక్షానికి చేరుతుందని ప్రశ్న వచ్చినప్పుడల్లా మీ మంత్రిత్వ శాఖ ఒక ఖండనతో సరిపెట్టకుండా మూడు విషయాలు చెప్పాలని కోరుతున్నాను: ఆ సరుకు ప్రభుత్వ నిల్వదా, లైసెన్సు పొందిన కంపెనీదా; అంతిమ వినియోగ ధ్రువపత్రంలోని పునరెగుమతి షరతు ఇరుపక్షాలకూ ఒకేలా అమలవుతోందా; సడలింపు ఇచ్చి ఉంటే అది భద్రతా మండలి నిర్ణయం మీదా, పరిమిత తటస్థత మీదా, మరో ఆధారం మీదా. జాక్సన్ అభిప్రాయాన్ని నాటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అమెరికా కాంగ్రెస్ ముందు ఉంచారు. మన అటార్నీ జనరల్ అభిప్రాయాన్నీ సున్నితమైన సాంకేతిక వివరాలు మినహాయించి పార్లమెంటు ముందు ఉంచవలసిందిగా మనవి.

ఇట్లు,
అంతర్జాతీయ న్యాయంపై ఆసక్తి గల ఒక పౌరుడు