పండుగ రోజు డ్యూటీ లిస్ట్: బ్యాకప్ అంటే ఈసారి ఏమిటంటే

తల్లిదండ్రులకు నమస్కారం,

శనివారం ఉత్సవానికి డ్యూటీ లిస్ట్ ఈ లేఖతో పాటు పంపుతున్నాను. చూడగానే కొందరు ఫోన్ చేస్తారని తెలుసు, కానీ ముందు ఇది చదవండి.

పోయిన ఏడాది వడ్డనకు ఎనిమిది మంది ఉండాలి, ఇద్దరు రాలేదు. బ్యాకప్‌గా ఐదుగురి పేర్లున్నాయి, ఐదుగురూ ఆవరణలోనే ఉన్నారు కూడా, అయినా ఎవరూ కౌంటర్ దగ్గరికి రాలేదు, ఎందుకంటే మిగతా నలుగురిలో ఎవరో ఒకరు వెళ్లే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. తప్పు వాళ్లది కాదు, లిస్ట్ రాసిన నాది.

అందుకే ఈసారి ఉమ్మడి బ్యాకప్ లేదు. ఒక్కో షిఫ్టులో నలుగురుంటే ఆ నలుగురికీ ఒకే బ్యాకప్, పేరు, ఫోన్ నంబరుతో సహా. ఉదాహరణకు వడ్డన మొదటి షిఫ్టు సాయంత్రం 5 గంటలకు. 4:45కి షిఫ్ట్ లీడర్ పేర్లకు టిక్ పెట్టడం మొదలుపెడతారు, 4:50కి టిక్ పడని పేరుంటే ఇక ఎదురుచూడకుండా బ్యాకప్‌కి ఫోన్ చేస్తారు. ఆ బ్యాకప్ 4:45 నుంచి 5:15 దాకా ఆవరణలో ఉండి ఫోన్ దగ్గర పెట్టుకుంటే చాలు, తర్వాత పూర్తిగా ఫ్రీ. సాయంత్రమంతా కాచుకుని కూర్చోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

రాలేనివాళ్లు గురువారం రాత్రి లోపు నాకు చెప్పండి, మార్చేస్తాను. ఆ తర్వాతైతే ముందు మీ బ్యాకప్‌కి మీరే ఫోన్ చేసి, తర్వాత లీడర్‌కి చెప్పండి. గ్రూపులో మెసేజ్ పెడితే చెప్పినట్టు కాదు.

ఏర్పాట్లు చేసినవాళ్లకు శుభ్రం చేసే పని వేయలేదు. మధ్యాహ్నం 2 నుంచి బల్లలు మోసినవాళ్లు రాత్రి 8 గంటలకు చీపురు పట్టుకోవడం కష్టం, పోయినసారి చూశాం. కాకపోతే ఒక కాగితం మాత్రం వాళ్ల నుంచి వీళ్లకు అందాలి: ఎన్ని బల్లలు, ఎన్ని పాత్రలు, ఏది ఎవరి దగ్గర నుంచి తెచ్చింది అన్నది ఏర్పాట్ల టీం రాస్తుంది, క్లీనింగ్ టీం అదే కాగితం చూసి లెక్క సరిపోయాక ఎవరి సామాను వాళ్లకు తిరిగి ఇస్తుంది. క్లీనింగ్ టీం 7:30కే వచ్చి, వడ్డన ఆగిన కౌంటర్లను ఒక్కొక్కటిగా ఖాళీ చేస్తుంది. చివరి వడ్డన షిఫ్టువాళ్లు కౌంటర్ అప్పగించకుండా వెళ్లిపోకండి, దయచేసి.

లిస్ట్ మొదటిసారి వేసినప్పుడు ఒకావిడను ఒకే సమయంలో వడ్డనలోనూ, క్లీనింగ్ బ్యాకప్‌లోనూ రాసేశాను, ఆఫీసులో చూపిస్తే నవ్వారు. అది సరిచేశాను. చిన్న పిల్లలున్న ఇంట్లో అమ్మానాన్నలిద్దరికీ ఒకే షిఫ్టు పడకుండా కూడా చూశాను, ఎక్కడైనా నా కంటికి ఆనకపోతే మీ పేర్ల ఎదురుగా ఉన్న టైములు ఈ రోజే ఒకసారి సరిచూసి చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు