సెప్టెంబర్ మిర్చి బుకింగ్ ధర ఎలా కట్టాం, ఈ ఏడాది ఏం మారింది

"యార్డులో ఇవాళ క్వింటాలు 15,000 ఉంటే సెప్టెంబర్ డెలివరీకి మీరు 16,620 అంటున్నారు. పైన ఆ 1,620 దేనికండీ? రేటు పెరుగుతుందని మీకేమైనా కబురుందా? వేరే చోట 15,400కే రాసుకుంటున్నారు."

కబురేమీ లేదు. సెప్టెంబర్‌లో రేటు పెరుగుతుందో పడిపోతుందో మాకు తెలియదు. మేం చెప్పిన ధరలో ఆ ఊహకి చోటే లేదు. ఇవాళ సరుకు కొని, సెప్టెంబర్ దాకా పాడవకుండా ఉంచి, మీ చేతికి ఇవ్వడానికి అయ్యే ఖర్చు మాత్రమే అది. రేపు యార్డులో రేటు మారితే బుకింగ్ ధర కూడా మారుతుంది. కానీ రెంటికీ మధ్య తేడా ఇంచుమించు ఇంతే ఉంటుంది. 334 రకం, నంబర్ వన్ సరుకుకి లెక్క విప్పి చెబుతాను. సులువుగా ఉండాలని ధర గుండ్రంగా 15,000 అనుకున్నాను.

మొదటిది వడ్డీ. బ్యాంకులో మాకున్న అప్పు ఖాతా, సీసీ అకౌంట్ మీద ఏడాదికి 12 శాతం పడుతుంది. ఆరు నెలలకి 15,000 మీద 900. "సొంత డబ్బు పెట్టి కొంటే వడ్డీ ఎక్కడిది?" అని కొందరు అడిగారు. సొంత డబ్బే పెట్టినా, అది సరుకులో ఇరుక్కోకపోతే సీసీలో కట్టేసి అంత వడ్డీ మిగుల్చుకునేవాళ్లం. ఎవరి డబ్బయినా ఆరు నెలలు ఊరికే కూర్చోదు.

రెండోది కోల్డ్ స్టోరేజీ. వానాకాలంలో మామూలు గోడౌన్‌లో ఉంచితే మిర్చి తేమ పట్టి బూజొస్తుంది, రంగు దిగిపోతుంది. పచ్చడికి 334 కొనేదే రంగు కోసం కాబట్టి చల్లటి చోట పెట్టక తప్పదు. అద్దె, ఎత్తుడు దింపుడు హమాలీ కలిపి క్వింటాలుకి 500 అనుకోండి. ఇది సరుకు బయటికి తీసేటప్పుడు కడతాం, అందుకే దీని మీద వడ్డీ వేయలేదు. బీమా 50. అది ముందే కట్టాలి కాబట్టి ఆరు నెలల వడ్డీతో 53 అవుతుంది.

మూడోది తరుగు. లోపల పెట్టినంత బరువు బయటికి రాదు. నూటికి ఒకటి పోతుందని పెట్టుకున్నాం. అంటే ఖర్చంతా పెట్టింది వంద కిలోల మీద, మీకు తూచి ఇచ్చేది 99 కిలోలు.

(15,000 × 1.06 + 500 + 53) ÷ 0.99 = 16,619

దాన్ని 16,620 చేశాం. కారం పట్టే కూలి, తొడిమ తీయించే కూలి వేరే. అవి ఎప్పుడు తీసుకున్నా ఒకటే కాబట్టి ఈ లెక్కలోకి రావు.

షేర్లు కొనే మా కస్టమర్ ఒకాయన ఇంకో మాట అడిగారు. ఆయన చూసే షేర్ల ఫ్యూచర్స్‌లో, అంటే ముందు తేదీకి ఇవాళే ధర రాసుకునే బేరాల్లో, తేడా ఇంత ఉండదట. నిజమే. షేరు ఉంచుకోవడానికి అద్దె లేదు, పైగా మధ్యలో డివిడెండ్ వస్తే దాన్ని వడ్డీలోంచి తీసేయాలి. డివిడెండ్ పెద్దదైతే ముందు తేదీకి రాసే ధర ఇవాళ్టి ధరకన్నా కిందికి కూడా రావచ్చు. మిర్చి బస్తా మధ్యలో ఏమీ ఇవ్వదు, తింటూనే ఉంటుంది.

జూన్‌లో కావాలన్నవాళ్లకి 16,080 చెప్పాం. మూడు నెలలే కదా, 1,620లో సగం పెంచితే చాలదా అని వాళ్ల ప్రశ్న. వడ్డీ సగమే పడుతుంది, తరుగు కూడా సగమే అనుకున్నాం. కానీ మేం ఉంచే చోట అద్దె సీజన్ లెక్కన తీసుకుంటారు, నెలల లెక్కన కాదు. జూన్‌లో తీసినా నవంబర్‌లో తీసినా అదే 500. బీమా కూడా సీజన్‌కే. అందుకే కాలం సగమైనా ఖర్చు సగం కాదు.

ఇక 15,400 సంగతి. మేం 17,500 అడిగితే మీరు మా దగ్గరికి రానక్కర్లేదు. పది బస్తాలు సొంతంగా కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటే మీకు 16,620 చుట్టుపక్కలే పడుతుంది. కాబట్టి పైవైపు మా ధరకి కట్టడి ఉంది, ఆ కట్టడి మీ చేతుల్లోనే ఉంది. కిందివైపు అంత గట్టి కట్టడి లేదు. నిల్వలు అడుగంటి, కొత్త పంట రావడానికి ఇంకా టైం ఉన్నప్పుడు ఇవాళ్టి ధర ఎక్కువగా, ముందు తేదీకి రాసే ధర తక్కువగా ఉండటం సహజం. చేతిలో సరుకున్నవాడు మిల్లు ఆగకూడదని దాన్ని వదులుకోడు. డిసెంబర్‌లో నిలబడి ఏప్రిల్ డెలివరీకి ధర అడిగితే ఇవాళ్టికన్నా తక్కువ చెప్పేవాళ్లు దొరుకుతారు, అందులో తప్పేమీ లేదు. మధ్యలో కొత్త పంట యార్డుకి వస్తుంది, ఏప్రిల్‌లో ఇచ్చే సరుకుని డిసెంబర్ నుంచి ఎవరూ మోయక్కర్లేదు.

కానీ ఇప్పుడు మార్చి. యార్డు నిండా సరుకుంది. సెప్టెంబర్‌లో మీ చేతికొచ్చేది ఈ పంటే, ఎవరో ఒకరు ఆరు నెలలు మోసిన బస్తాయే. నిజంగా సరుకున్నవాడు 15,400కి ఎందుకు రాస్తాడు? ఇవాళే 15,000కి అమ్మేస్తే వడ్డీ, అద్దె, బీమా, తరుగు అన్నీ మిగులుతాయి. ఆరు నెలలు మోసి 400 తీసుకుంటే క్వింటాలుకి 1,200 పైన చేతినుంచి పోతుంది. అలా రాసేవాడి దగ్గర చాలావరకు సరుకు ఉండదు. రేటు పడితే అప్పుడు కొనివ్వొచ్చని రాస్తాడు. పడితే ఇస్తాడు. పెరిగితే ఏమవుతుందో పోయిన ఏడాది మేం చూశాం.

మీలో చాలామందికి సగం సంగతే తెలుసు కాబట్టి మొత్తం చెబుతాను. మీ బుకింగ్‌లలో పెద్ద భాగం మేం ఒక సప్లయర్ దగ్గర రాయించాం. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే తీసుకుంటున్నాం, అంతా మాట మీదే నడిచింది. ఆయనేమీ తక్కువ ధరకి రాయలేదు. ఇదే లెక్క, వడ్డీ అద్దె తరుగు అన్నీ వేసుకుని పూర్తి ధరకే రాశాడు, అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. ఆగస్టు చివర్లో రేటు లేచాక ఫోన్ చేసి సరుకు లేదు, అడ్వాన్స్ వెనక్కి తీసుకోమన్నాడు. వడ్డీ మాట కూడా ఎత్తలేదు. "క్వింటాలుకి 2,400 నష్టానికి నేనెలా ఇస్తాను?" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అందులో నష్టం ఎక్కడుంది? రాసిన రోజే సరుకు కొని పెట్టినవాడికి ఆ తర్వాత రేటు 20,000 అయినా 10,000 అయినా ఒకటే. ఆయన పెట్టిన ప్రతి రూపాయీ మేం ఇచ్చే ధరలో ఉంది. 2,400 నష్టం అన్నాడంటే రెండే కారణాలు: అసలు కొనలేదు, లేదా మా పేరు మీద కొన్న బస్తాలు ఎక్కువకి వేరేవాళ్లకి అమ్ముకున్నాడు. ఏదని అడిగితే జవాబు లేదు. ఇన్నేళ్లలో మార్కెట్ పడిపోయినప్పుడు కూడా, బయట తక్కువకి దొరుకుతున్నా, రాసుకున్న ధరకే ఆయన దగ్గర తీసుకున్నాం. ఒక్కసారి కూడా బేరం మార్చలేదు. అందుకే ఇంత బాధ.

ఇంట్లో దాని మీద చాలా గొడవైంది. పెరిగిన 2,400లో సగం కస్టమర్ల మీద వేద్దామని తమ్ముడు అన్నాడు. అడిగితే మీలో కొందరు ఒప్పుకునేవాళ్లని కూడా తెలుసు. పచ్చళ్లు పెట్టే అక్క ఒకామె తనే ఫోన్ చేసి "సగం నేను భరిస్తాను తమ్ముడూ" అంది. ఆమె మంచితనం మర్చిపోను, కానీ తీసుకోలేకపోయాను. మాట ఇచ్చిన ధర మాది, సరుకు ఎక్కడినుంచి తేవాలన్న తలనొప్పీ మాదే. మీరు దసరాకి, అమెరికా పార్సిళ్లకి ఆ ధర చూసుకునే రేట్లు కట్టుకున్నారు. సప్లయర్ మాకు చేసింది మేం మీకు చేస్తే ఇక మా కొట్టు బోర్డు కింద కూర్చోవడం ఎందుకు?

కౌంటర్‌లో కిలో, అరకిలో అమ్మడానికి పెట్టుకున్న మా సొంత బస్తాలు తీసి బుకింగ్‌లకి పట్టించాం. చాలనిది మార్కెట్‌లో ఆనాటి రేటుకి కొన్నాం. రాసుకున్న ప్రతి ఒక్కరికీ రాసుకున్న ధరకే ఇచ్చాం. దాని ఫలితమే అక్టోబర్ నుంచి కౌంటర్‌లో 334 కారం లేకపోవడం. "ఎప్పుడొచ్చినా అయిపోయింది అంటారేంటి" అని కోప్పడి వెళ్లినవాళ్లకి కారణం ఇదే. మీకు అప్పుడే చెప్పి ఉంటే సప్లయర్ మీద చాడీలు చెబుతున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను.

ఈ ఏడాది పద్ధతి మారింది. మీరు రాయించిన రోజే లేదా మర్నాడు యార్డులో సరుకు కొని, మా పేరు మీదే కోల్డ్ స్టోరేజీలో పెడతాం. సరుకు పెట్టినట్టు వాళ్లిచ్చే బాండ్ నంబర్, బస్తాల లెక్క మీ బుకింగ్ చీటీ మీద ఉంటుంది. కావాలంటే వచ్చి చూసుకోండి. వేరేచోట రాయించేవాళ్లు కూడా బాండ్ చూపించమని అడగండి. చూపిస్తే అక్కడే తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. 15,400కి మాత్రం మేం రాయం. పోటీ కోసం దిగమని దగ్గరివాళ్లు కూడా చెప్పారు. దిగాలంటే సరుకు కొనకుండా రాయాలి, అది నా వల్ల కాదు.

అడ్వాన్స్ పావు వంతు, అంటే క్వింటాలుకి 3,750. ఆ మేరకు మాకు సీసీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి ఆ వడ్డీ మీదే. ఆరు నెలలకి 225 కలిపి సెప్టెంబర్ బిల్లులో 3,975 జమ వేస్తాం. సరుకు డబ్బు 15,000, బీమా 50 ఇవాళే కట్టేసేవాళ్లకి వడ్డీ మొత్తం పోతుంది. వాళ్లకి అద్దె, తరుగు కలిపి 15,710 పడుతుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. సెప్టెంబర్‌లో యార్డు రేటు 13,000కి పడిపోయినా మీ బిల్లు రాసుకున్న ధరకే ఉంటుంది. ఆ సరుకు మీకోసం అప్పటికే కొని ఉంటాం. రేటు పడితే లాభపడాలనుకునేవాళ్లు మొత్తం బుక్ చేయకండి, సగం రాయించి మిగతా సగం అప్పటి రేటుకి తీసుకోండి. ఎప్పుడు అడిగినా నేను ఇదే చెబుతాను.

జనవరి దాటిన డెలివరీలకి బుకింగ్ తీసుకోవడం లేదు. అప్పటికి కొత్త పంట దిగుతుంది, దాని ధర ఈ లెక్కతో కట్టలేం. సెప్టెంబర్ బుకింగ్‌లు యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదాకా తీసుకుంటాం. కౌంటర్‌లో 334 కారం వచ్చే వారం నుంచి మళ్లీ ఉంటుంది. కౌంటర్ బస్తాలకి ఈసారి బాండ్ విడిగా పెట్టాం, బుకింగ్‌ల కోసం వాటిని తీయం.