‘షిఫ్ట్ స్టార్టెడ్’ అంటే పని మొదలైన సమయం కాదు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో మాల్స్‌లో, ఆసుపత్రుల్లో, గోదాముల్లో, ఐటీ ఆఫీసుల్లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులు చేసే కాంట్రాక్టు కార్మికుల హాజరు ఇప్పుడు చాలాచోట్ల మొబైల్ యాప్‌లోనే పడుతోంది. సైటుకు రాగానే ఫోను తీసి, సెల్ఫీ దిగి, బటన్ నొక్కుతారు. తెర మీద `Shift Started` అని కనబడితే ఇక తాను డ్యూటీలో ఉన్నట్టే అనుకుంటారు. నెల తిరిగాక పే స్లిప్‌లో సగం రోజు జీతం కోత పడితే, ‘సిస్టమ్‌లో లేటు పడింది, మేమేం చేస్తాం’ అన్న జవాబొస్తుంది. ఆ సిస్టమ్‌లో నిజానికి ఏం పడుతుందో కార్మికులకే కాదు, తనిఖీకి వచ్చే లేబర్ అధికారులకు కూడా తెలియాలని ఈ లేఖ.

ఇలా బటన్ నొక్కి వేసే ఒక్క పంచ్ వెనక మామూలుగా నాలుగు సమయాలుంటాయి. ఒకటి డ్యూటీల పట్టికైన రోస్టర్‌లో రాసిన షిఫ్ట్ సమయం. రెండోది బటన్ నొక్కినప్పుడు ఫోను గడియారం చూపిన సమయం. మూడోది ఆ సమాచారం కంపెనీ సర్వర్‌కు చేరిన సమయం. నాలుగోది లేటైనా మన్నించే గ్రేస్ నిమిషాలు, నిమిషాలను సర్దే రౌండింగ్ నియమాలు అన్నీ వేశాక జీతం లెక్కకు పంపే సమయం. వీటిలో కార్మికుడికి యాప్ చూపేది సాధారణంగా ఒక్కటే. అది ఏదో మాత్రం చెప్పదు. ‘లేట్’, ‘ప్రెజెంట్’, ‘హాఫ్ డే’ అనే స్టేటస్ ఈ సమయాలను ఒకదానితో ఒకటి పోల్చి సాఫ్ట్‌వేర్ తేల్చిన ఫలితం. మనిషి పనిలో ఉన్నాడా లేడా అన్నది అది చూడదు, చూడలేదు కూడా.

అసలు చిక్కు రెండో సమయానికీ మూడో సమయానికీ మధ్య ఉంది. రాత్రి 10 గంటల సి షిఫ్ట్‌కు వచ్చిన గార్డు సెల్లార్‌లోని పార్కింగ్ పాయింట్ దగ్గర 9:54కి బటన్ నొక్కాడనుకుందాం. అక్కడ సిగ్నల్ ఉండదు. యాప్ ఆ పంచ్‌ను ఫోనులోనే దాచుకుంటుంది. రౌండ్‌కు పైకి వచ్చినప్పుడు, 10:23కి సిగ్నల్ అంది పంచ్ సర్వర్‌కు వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ పూర్తి రికార్డు తెరిచి చూస్తే దాదాపు ఇలా ఉంటుంది (కాలమ్ పేర్లు కంపెనీని బట్టి మారతాయి):

```
shift_start : 22:00
device_time : 21:54:10
server_time : 22:23:41
status      : LATE
```

మనిషి ఆరు నిమిషాల ముందే వచ్చాడు. పది నిమిషాల గ్రేస్ కూడా ఉంది. అయినా లేటు పడింది. ఎందుకంటే ఆ కంపెనీ సెట్టింగ్‌లో స్టేటస్‌కు సర్వర్ సమయాన్నే ఆధారంగా పెట్టారు. దీనికి వాళ్లు చెప్పే కారణం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ఫోను గడియారాన్ని చేత్తో వెనక్కి తిప్పి తప్పుడు హాజరు వేసుకునేవారూ ఉన్నారు. అయితే దానికి వేరే మందుంది. ఫోనులో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో యాప్ కనిపెట్టగలదు. చేత్తో మార్చినట్టు కనబడితే ఆ పంచ్‌ను పక్కన పెట్టి విచారించవచ్చు. గడియారం ఆటోమేటిక్‌లో ఉన్న మనిషికి సర్వర్ సమయాన్ని అంటగట్టడం మాత్రం సిగ్నల్ లేని చోట పనిచేసినందుకు జీతం కోయడమే అవుతుంది.

ఈ తేడాను డబ్బుల్లో చూడాలి. నెలకు 26 రోజులకు 15,600 రూపాయలు అనుకుంటే రోజుకు 600, ఎనిమిది గంటల షిఫ్ట్‌లో గంటకు 75, నిమిషానికి రూపాయి పావలా. చాలా సైట్లలో ‘మూడు లేట్లకు హాఫ్ డే’ అన్న నియమం పెడతారు. పైన చెప్పిన గార్డుకు ఆ నెలలో 23, 18, 14 నిమిషాల చొప్పున మూడు లేట్లు పడ్డాయనుకుందాం. మొత్తం 55 నిమిషాలు. అవి నిజంగా లేట్లే అయినా వాటి విలువ 68 రూపాయల 75 పైసలు. కోసేది 300. మిగతా 231 రూపాయల పావలా ఏ గైర్హాజరుకూ చెందదు. ఇక ఆ మూడూ సిగ్నల్ లేటు వల్ల వచ్చినవైతే పోయిన 300 మొత్తమూ చేసిన పనికి రావలసిన కూలీయే.

ఇక్కడ చట్టం స్పష్టంగానే ఉంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోని 9వ సెక్షన్, దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోని 20వ సెక్షన్ ఒకే మాట చెబుతాయి. ఎంతసేపు పనిలో లేడో అంత భాగానికి మించి జీతం కోయకూడదు. పదిమంది అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే వేరే నియమం ఉంది గానీ అది లేట్లకు వర్తించేది కాదు. ‘అది కోత కాదు, జరిమానా’ అని యాజమాన్యం అంటే, జరిమానాకు అదే కోడ్‌లోని 19వ సెక్షన్ షరతులున్నాయి. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు పెట్టి ఉండాలి, కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మొత్తం ఆ నెల వేతనంలో మూడు శాతం దాటకూడదు. స్టేటస్ చూసి దానంతటదే జీతం కోసే సాఫ్ట్‌వేర్‌లో ఈ విచారణ ఎక్కడ జరుగుతుంది?

రాత్రి షిఫ్ట్‌లో ఇంకో తప్పు పడుతుంది. దీనివల్ల పోయేది సగం రోజు కాదు, పూర్తి రోజు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో హాజరు రోజు అర్ధరాత్రి 12కి మారేలా సెట్ చేసి వదిలేస్తారు. 12వ తేదీ రాత్రి 10కి లోపలికి పంచ్ వేసి, 13వ తేదీ ఉదయం 6:05కి బయటికి పంచ్ వేస్తే 12వ తేదీకి ఒక్క పంచే మిగులుతుంది. అది ‘మిస్డ్ పంచ్’, కొన్నిచోట్ల నేరుగా ఆబ్సెంట్. ఉదయం 6:05 పంచ్‌ను 13వ తేదీ లోపలికి వచ్చిన పంచ్‌గా లెక్కేస్తుంది. ఆ రాత్రి మళ్లీ డ్యూటీకి వచ్చి 9:55కి వేసిన పంచ్‌ను బయటికి వెళ్లినట్టు లెక్కేస్తుంది. దాంతో హాజరు పట్టీ అయిన మస్టర్‌లో 12న ఆబ్సెంట్, 13న 15 గంటల 50 నిమిషాల పని కనబడతాయి. ఎనిమిది గంటలకు పైన మేనేజర్ అనుమతి లేని ఓటీ చెల్లదని పేరోల్ దాన్ని ఎనిమిదికే కుదిస్తుంది. చివరికి రెండు రాత్రులు పనిచేసిన మనిషికి ఒక రోజు జీతమే దక్కుతుంది. రాత్రి షిఫ్ట్ చేసేవారు మస్టర్‌లో ఒక రోజు ఆబ్సెంట్, మరుసటి రోజు పదిహేను గంటలు దాటిన పని పక్కపక్కన కనబడితే, అది ఈ తప్పేనని దాదాపు రూఢి చేసుకోవచ్చు. దీనికి మందు చిన్నదే. రోజు మారే సమయాన్ని అర్ధరాత్రి నుంచి ఏ షిఫ్టూ మొదలవని, ముగియని గంటకు జరపాలి. లేదా పంచ్‌ను తేదీతో కాకుండా రోస్టర్‌లోని షిఫ్ట్‌తో జత చేయాలి.

రోస్టర్ సంగతీ ఇలాంటిదే. రిలీవర్ రాలేదని సూపర్‌వైజర్ ఫోనులో ఒకరి షిఫ్ట్ మారుస్తాడు, సిస్టమ్‌లో మార్చడం మరచిపోతాడు. మధ్యాహ్నం 2 గంటల షిఫ్ట్ పేరు మీద ఉన్న మనిషి రాత్రి 10కి పంచ్ వేస్తే ఎనిమిది గంటల లేటు.

పంచ్ అసలు పడనప్పుడు ఏం జరుగుతుందన్నది కూడా ముఖ్యమే. సైటు చుట్టూ మ్యాపులో ఒక వలయం గీసి, అందులో ఉంటేనే పంచ్ తీసుకునేలా పెడతారు. ఎత్తైన భవనాల మధ్య, కాంక్రీటు పైకప్పు కింద ఫోను చూపే చోటు పదుల మీటర్లు అటూ ఇటూ కావచ్చు. వలయం మధ్య బిందువును మెయిన్ గేటు దగ్గర పెట్టి, మనిషికి వెనక గేటు డ్యూటీ వేస్తే, నిజంగా పాయింట్‌లో నిలబడినా ‘సైటు బయట ఉన్నారు’ అని వస్తుంది. అతను అటూ ఇటూ నడిచి, నాలుగుసార్లు నొక్కి, ఐదోసారి ఒప్పుకున్నాక పడేది ఆ ఐదోసారి సమయం. ముందు నాలుగు ప్రయత్నాలు అతనికి మళ్లీ కనబడవు. గేటు దగ్గర ఒకే ట్యాబ్‌లో ముఖం చూపి పంచ్ వేసే చోట ఇంకో రకం నష్టం. మనిషికి పన్నెండు సెకన్లు పట్టినా నలభై మంది వరుసలో చివరివాడి వంతు ఎనిమిది నిమిషాలకు వస్తుంది.

కార్మికులు ఈలోగా చేయగలిగింది కొంత ఉంది. పంచ్ వేయగానే ఫోను గడియారం కూడా కనబడేలా స్క్రీన్‌షాట్ తీయాలి. ‘సింక్ కాలేదు’, ‘పెండింగ్’ అని ఉంటే రౌండ్‌కు వెళ్లకముందే సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి పంపాలి. గేటు రిజిస్టర్‌లో పేరు, సమయం రాసి సంతకం చేయడం మానకూడదు. యాప్ తప్పిందని చూపడానికి దానికి మించిన సాక్ష్యం లేదు. తప్పు కనబడితే తేదీ, షిఫ్ట్, రావలసిన సమయం, పడిన సమయం, రిజిస్టర్ వరుస సంఖ్య రాసి, హాజరు సరిదిద్దమని కోరే రెగ్యులరైజేషన్ అభ్యర్థన పెట్టాలి. అది పేరోల్ మూసే తేదీకి ముందే వెళ్లాలి. నోటి మాటగా చెప్పి ఊరుకుంటే రేపు అడగడానికి ఏమీ మిగలదు. పరిష్కారం కాకపోతే వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. అక్కడ బకాయి చెల్లించామని రుజువు చేసుకోవలసింది యజమానే అని 59వ సెక్షన్ చెబుతోంది.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలకు మా విజ్ఞప్తి ఇది. తనిఖీకి వెళ్లినప్పుడు ముద్రించిన మస్టర్ చూసి సంతకం పెట్టకండి. అది నాలుగో సమయం మాత్రమే. ఫోను సమయం, సర్వర్ సమయం, తిరస్కరించిన ప్రయత్నాలు, తర్వాత ఎవరు ఏ మార్పు చేశారో చూపే పూర్తి పంచ్ లాగ్ అడగండి. ఆ నాలుగూ కార్మికుడి ఫోనులో కూడా కనబడాలని, లేటుకు కోసిన ప్రతి రూపాయి పక్కనా నిమిషాల లెక్క పే స్లిప్‌లో ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. కాంట్రాక్టర్లు బిల్లుల కోసం క్లయింటుకు నిమిషాలతో సహా పంపే నివేదికలో ఈ సమాచారం చాలావరకు ఇప్పటికే ఉంటుంది.

— హాజరు, వేతన లెక్కల పనిలో ఉన్న కొందరు పాఠకులు, హైదరాబాద్