బోస్టన్‌కు ఏడు నిమిషాల బఫర్

కొలంబస్, ఒహాయో
అక్టోబరు 12, 2025

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. బోస్టన్ మారథాన్‌కు నా వయసు ఆడవాళ్లకు 3 గంటల 35 నిమిషాలు చాలన్నప్పుడు 3 గంటల 28 నిమిషాల కోసం ఎందుకంత పట్టు అనీ, ఎలాగూ పరుగెత్తేదే కనుక నవంబరులో ఇంటికొచ్చి బీచ్ రోడ్డు మీదే పరుగెత్తవచ్చు కదా అనీ మొన్న ఫోనులో అడిగారు. పోర్టులో అన్నేళ్లు లెక్కలు చూసినవారికి నోటిమాటగా చెప్తే సరిపోదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

3:35 అనేది దరఖాస్తు చేసుకునే అర్హత మాత్రమే. సీటు వచ్చినట్టు కాదు. ఉన్న చోట్లకంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు, ఎవరు తమ గడువుకంటే ఎంత ముందుగా ముగించారో చూసి, ఎక్కువ ముందున్నవారి నుంచి వరుసగా తీసుకుంటారు. 2024 పోటీకి 5 నిమిషాల 29 సెకన్లు, 2025కు 6 నిమిషాల 51 సెకన్లు ముందున్నవారికే చోటు దక్కింది. అందుకని 2026 నుంచి 60 ఏళ్లలోపు వారందరికీ గడువును 5 నిమిషాలు తగ్గించారు. ఇక పోటీ సద్దుమణుగుతుందనుకున్నాము గానీ, తగ్గించిన గడువు మీద కూడా మరో 4 నిమిషాల 34 సెకన్లు కావలసి వచ్చింది. గీత ఎక్కడ పడుతుందో దరఖాస్తులన్నీ చేరాక గానీ తెలియదు కనుక, ఈ మూడు పోటీల గీతల్లో అన్నిటికంటే కఠినమైనదానికి కాస్త పైన, అంటే ఏడు నిమిషాల దగ్గర నా బఫర్ పెట్టుకున్నాను.

ఇక కోర్సు సంగతి. మన బీచ్ రోడ్డు ఆర్.కె. బీచ్ దగ్గర చదునుగానే ఉన్నా, తెన్నేటి పార్కు వైపు ఎక్కడం మొదలుపెట్టి ఋషికొండ దాకా ఎగుడుదిగుడులే. పైగా నవంబరులో కూడా సముద్రపు గాలిలోని తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకోవలసి వస్తుంది. ఇక్కడ కొందరు కొండల మీద నుంచి కిందికి దిగే కోర్సులు వెతుక్కునేవారు. 2027 పోటీ నుంచి ఆ దారీ మూసుకుపోతోంది: మొత్తం మీద 1,500 అడుగులకు మించి దిగే కోర్సులో వచ్చిన సమయానికి 5 నిమిషాలు, 3,000 నుంచి 6,000 అడుగుల లోపైతే 10 నిమిషాలు కలుపుతారు. నా బఫర్‌లో ఎక్కువ భాగమో, మొత్తమో అందులోనే పోతుంది.

అందుకే నవంబరు మొదట్లో జరిగే ఇండియానాపోలిస్ మాన్యుమెంటల్ మారథాన్ ఎంచుకున్నాను. కోర్సు చదును, కొలత ధృవీకరించినది, ఆ వారంలో ఉదయాలు సాధారణంగా చల్లగా ఉంటాయి, ఇక్కడి నుంచి కారులో వెళ్లిరావచ్చు. షికాగో కూడా చదునే, పేరు పెద్దది. కానీ అక్టోబరు ఎండ ఎప్పుడు కాస్తుందో చెప్పలేము, 2007లో వేడికి పోటీని మధ్యలోనే ఆపేశారు. పైగా 2027 బోస్టన్‌కు దరఖాస్తులు వచ్చే సెప్టెంబరులో కనుక, నవంబరులో గాలి ఎదురు తిరిగినా వసంతంలో ఇంకో ప్రయత్నానికి వ్యవధి ఉంటుంది. ఆగస్టు దాకా ఆగినవారు వేసవి వేడిలో ఆఖరి అవకాశం కోసం పరుగెత్తాలి.

3:28కి కిలోమీటరుకు 4 నిమిషాల 56 సెకన్లు సరిపోతాయని మీరు లెక్క కట్టి చెప్తారు. కానీ మలుపుల దగ్గర అందరం కొంత వెడల్పుగా తిరుగుతాము కనుక, చేతి గడియారం చివరికి 42.2కు బదులు 42.5 కిలోమీటర్లు చూపించడం మామూలే. అందుకని నా గడియారంలో 4:54 కనబడాలి. ఎత్తైన భవనాల మధ్య ఆ గడియారమూ తప్పు చెప్తుంది. అక్కడ దారి పక్కన పాతిన దూరపు బోర్డు దాటినప్పుడల్లా బటన్ నొక్కి సమయం చూసుకుంటాను.

ఈ వేగం నాకు అందేదేనా అన్న అనుమానం ఉండేది. పోయిన నెల హాఫ్ మారథాన్ 1 గంట 39 నిమిషాల చిల్లరలో ముగిసింది. ఆ సమయానికి పూర్తి మారథాన్ సుమారుగా 3:28 దగ్గరే తేలుతుంది. అంటే చేతిలో వేరే మిగులేమీ లేదు. అందుకే మొదటి 5 కిలోమీటర్లు కిలోమీటరుకు 5 నిమిషాల చొప్పున నెమ్మదిగా వెళ్లి, తరువాతే 4:54కు మారుదామనుకుంటున్నాను. ఆ పోగొట్టుకున్న అరనిమిషం ముప్పై కిలోమీటర్ల తరువాత కాళ్లు ఆడితే తిరిగి వస్తుంది, ఆడకపోయినా బఫర్‌లో అరనిమిషమే తరుగుతుంది. ముందే వేగంగా పరుగెత్తి సమయం దాచుకుందామనుకునేవారికి కండరాల్లోని ఇంధనం, గ్లైకోజెన్, త్వరగా అయిపోయి, ముప్పై దాటాక కిలోమీటరుకు అరనిమిషం, నిమిషం చొప్పున జారిపోతుంది.

పోటీ రోజు మీకు సాయంత్రమవుతుంది. తమ్ముడి ఫోనులో యాప్ తెరిచి సగం దూరం దగ్గర నా సమయం చూడండి. 1 గంట 44 నిమిషాలు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 1:41 కనిపిస్తే మాత్రం అమ్మకు శుభవార్తగా చెప్పకండి. 30 కిలోమీటర్ల దగ్గర 2 గంటల 29 నిమిషాలు దాటలేదని చూసుకున్నాకే చెప్పండి.

మీ కుమార్తె,
సుజాత