2025 వార్షిక నివేదిక: డీఆర్ లెక్క సరిచూసుకోవడం

గౌరవ సభ్యులకు నమస్కారం.

వైద్య శిబిరం, లైఫ్ సర్టిఫికెట్ల నమోదు ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ పని పెట్టింది మాత్రం కరువు భృతి, అదే మన డీఆర్.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఇది 2025 జనవరి 1 నుంచి 55 శాతం, జూలై 1 నుంచి 58 శాతం అయింది. రెండో పెంపును అక్టోబరులో ప్రకటించారు కాబట్టి జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల బకాయిలు కూడా రావాలి. ఎంత రావాలన్న దగ్గరే చిక్కంతా.

ఒక సభ్యుడి బేసిక్ పెన్షన్ రూ.30,500. అందులో 40 శాతం, అంటే రూ.12,200 కమ్యూట్ చేసుకున్నారు. నెలనెలా చేతికొచ్చే మూల మొత్తం రూ.18,300. అయితే డీఆర్ లెక్కకట్టాల్సింది ఈ మిగులు మీద కాదు, కమ్యుటేషన్‌కు ముందున్న పూర్తి రూ.30,500 మీద. 55 శాతం చొప్పున రూ.16,775 వచ్చేది, 58 శాతమైతే రూ.17,690 రావాలి. నెలకు పెరిగింది రూ.915, మూడు నెలల బకాయి రూ.2,745. మొత్తం పెన్షన్ రూ.35,075 మీద 3 శాతం వేసుకుని వెయ్యి దాటుతుందని ఆశపడినవారు మనలో చాలామందే ఉన్నారు. పెంపు బేసిక్ మీదే తప్ప మొత్తం మీద కాదు.

ఈ సభ్యుడు అంతకుముందే ఖాతాను వేరే శాఖకు మార్చుకున్నారు. అక్టోబరు పెన్షన్‌లో డీఆర్ రూ.10,614 మాత్రమే పడింది. రేటు పెరిగితే సొమ్ము తగ్గడమేమిటని ఆయన పెన్షన్ స్లిప్పు తీసుకుని మన దగ్గరకు వచ్చారు. పడిన డీఆర్‌ను 100తో గుణించి 58తో భాగిస్తే సరిగ్గా 18,300 వచ్చింది. బేసిక్ రాయాల్సిన చోట మిగులు పెన్షన్ నమోదు చేశారని అక్కడే తేలిపోయింది. తేడా రూ.7,076. పీపీవో నకలు జతచేసి బ్యాంకు పెన్షన్ ప్రాసెసింగ్ కేంద్రానికి అర్జీ పంపాం. శాఖలో నోటిమాటగా చెప్పి వస్తే ఏ జవాబూ రాలేదు, రాసిచ్చిన కాగితానికే కదలిక వచ్చింది. పాత లోటుతో సహా ఆయనకు సొమ్ము జమైంది.

మీ స్లిప్పుకూ ఇదే భాగహారం చేసి చూసుకోండి. వచ్చిన అంకె పీపీవోలోని బేసిక్‌తో కలవాలి. లెక్కలో పైసలు మిగిలితే పై రూపాయికి సవరిస్తారు కాబట్టి ఒకటి రెండు రూపాయల తేడాకు కంగారు పడనక్కర్లేదు.

ఎనభై ఏళ్లు నిండినవారి సంగతి వేరు. వారికి బేసిక్‌లో 20 శాతం అదనపు పెన్షన్ వస్తుంది, దానిమీద కూడా డీఆర్ ఉంటుంది. పై సభ్యుడి బేసిక్‌నే తీసుకుంటే అదనం రూ.6,100, దాని డీఆర్ రూ.3,538. అదనపు పెన్షన్ పుట్టిన తేదీ నుంచి కాక ఆ నెల ఒకటో తేదీ నుంచే మొదలవుతుంది. వచ్చే ఏడాది ఎనభై ఏళ్లు నిండేవారు పీపీవోలో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకుని, తప్పుంటే కార్యదర్శికి నకలు అందజేయగలరు.